నెలనెలా బంగారం స్కీము: కార్డు వెనుక ఏం రాసి ఉంది?
(సంఘం వార్షిక సమావేశంలో మహిళా విభాగం కోరికపై చేసిన ప్రసంగ పాఠం)





మహిళా విభాగం వారు నాకు ఇచ్చిన ప్రశ్న ఒక్కటే. "నగల దుకాణాల్లో నెలకు ఇంత చొప్పున కట్టించుకునే బంగారం స్కీములో చేరవచ్చా, చేరకూడదా?" అవును అనో కాదు అనో ఒక్క మాటలో జవాబు చెబితే మీకు ఉపయోగం ఉండదు. ఆ స్కీము ఎలా నడుస్తుందో, చివర బిల్లు ఎలా వేస్తారో లెక్కతో సహా చెబుతాను. విన్న తరువాత మీ ఇంటికి సరిపడే నిర్ణయం మీరే తీసుకోవచ్చు.

ముందుగా ఒక తేడా తెలుసుకుందాం. పైకి అన్ని స్కీములూ ఒకేలా కనిపిస్తాయి. పది లేదా పదకొండు నెలలు కట్టాలి, ఆ తరువాత నగ తీసుకోవాలి. కానీ లోపల రెండు రకాలు ఉన్నాయి. మొదటి రకంలో మీ పేరున రూపాయలు పోగవుతాయి. చివర దుకాణం వారు తమ వంతుగా ఒక వాయిదాలో సగమో, పూర్తి వాయిదానో కలుపుతారు. దాన్ని బోనస్ అంటారు. రెండో రకంలో మీరు కట్టిన ప్రతిసారీ ఆ రోజు ధర ప్రకారం మీ పేరున గ్రాములు రాస్తారు. చివర బోనస్ ఉండదు, దానికి బదులు తరుగులో తగ్గింపు ఇస్తామంటారు. కార్డు తీసుకునే ముందే "నా పేరున పోగయ్యేది రూపాయలా, గ్రాములా?" అని అడగాలి. దీనికి సూటిగా జవాబు రాకపోతే ఆ కౌంటరు దగ్గర నుంచి లేచి రావడమే మంచిది.

ఈ రెండింటిలో ఏది లాభం అన్నది బంగారం ధర ఎటు నడిచిందన్న దాన్ని బట్టి ఉంటుంది. లెక్క సులువుగా ఉండడానికి గుండ్రటి అంకెలు తీసుకుంటాను. నెలకు 5,000 చొప్పున 11 నెలలు కడితే మొత్తం 55,000. మొదటి నెలలో 22 క్యారెట్ల గ్రాము ధర 9,000 ఉందనీ, నెలకు 200 చొప్పున పెరిగి పదకొండో నెలకు 11,000 అయిందనీ అనుకుందాం. గ్రాముల స్కీములో మొత్తం సుమారు 5.52 గ్రాములు పోగవుతాయి. రూపాయల స్కీములో సగం వాయిదా బోనస్ కలిపితే 57,500 అవుతుంది. చివరి రోజు ధర 11,000 కాబట్టి దానికి వచ్చేది సుమారు 5.23 గ్రాములే. ఇప్పుడు ధరను తిప్పి చూడండి. 11,000 దగ్గర మొదలై 9,000కు పడిపోయిందనుకుంటే గ్రాముల స్కీములో అదే 5.52 గ్రాములు వస్తాయి. రూపాయల స్కీములో మాత్రం 57,500కు 6.39 గ్రాములు వస్తాయి. అంటే గ్రాముల స్కీము ధర పెరుగుదల నుంచి కాపాడుతుంది, రూపాయల స్కీము ధర పడిపోతే మేలు చేస్తుంది. రేపటి ధర మనకు గానీ దుకాణం వారికి గానీ తెలియదు. ఏడాదిలోపు నికాహ్ ఉండి నగ తప్పనిసరిగా కొనాల్సిన ఇంటికి భయం ధర పెరుగుతుందనే కాబట్టి, అలాంటి వారికి గ్రాముల లెక్క ఎక్కువ అక్కరకు వస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ స్కీముల్లో ఇబ్బంది ఎక్కువగా కట్టే నెలల్లో రాదు, చివరి రోజు బిల్లు దగ్గర వస్తుంది.

నగ ధరలో మూడు భాగాలు ఉంటాయి. ఒకటి బంగారం విలువ. రెండోది తరుగు, మజూరీ. కొన్ని చోట్ల ఈ రెండూ కలిపి ఒకే శాతంగా వేస్తారు. మూడోది వీటి మొత్తం మీద 3 శాతం జీఎస్టీ. తరుగు నగను బట్టి మారుతుంది. సాదా గాజుకు తక్కువ, పనితనం ఉన్న జూకాలకు, హారానికి ఎక్కువ. బోర్డు మీద పెద్ద అక్షరాలతో "తరుగు లేదు" అని రాసి ఉంటుంది. కార్డు వెనుక చిన్న అక్షరాల్లో "12 శాతం వరకు" అనో "18 శాతం వరకు" అనో ఉంటుంది. ఆ "వరకు" అన్న మాట దగ్గరే మన డబ్బు జారిపోతుంది.

ఒక తల్లి కథగా చెబుతాను. ఆమె గ్రాముల స్కీములో 11 నెలలు కట్టి 5.522 గ్రాములు పోగు చేసుకుంది. కూతురికి ఒక కాసు, అంటే 8 గ్రాముల జూకాలు నచ్చాయి. ఆ రోజు గ్రాము ధర 11,000. ఆమె మనసులో వేసుకున్న లెక్క ఇది: "ఇంకా రెండున్నర గ్రాములు తక్కువ. ఓ 27,000 తీసుకెళితే చాలు." ఆ జూకాల తరుగు 16 శాతం. ఆమె స్కీములో మాఫీ 12 శాతం వరకే. బిల్లు ఇలా వచ్చింది.

పోగైన 5.522 గ్రాముల మీద మాఫీ పోను మిగిలిన 4 శాతం తరుగు ఆమే కట్టాలి. అది 2,430 రూపాయలు. తక్కువైన 2.478 గ్రాములు ఆ రోజు ధరకు 27,258. ఈ భాగం స్కీములోది కాదు కాబట్టి దీనికి మాఫీ వర్తించదు. పూర్తి 16 శాతం తరుగు పడింది, అది 4,361. మొత్తం 8 గ్రాముల బంగారం విలువ 88,000. దానికి ఈ రెండు తరుగులు కలిపితే 94,791. దాని మీద 3 శాతం జీఎస్టీ 2,844. పోగైన బంగారం విలువ మినహాయించాక ఆమె కౌంటరులో కట్టాల్సింది సుమారు 36,893 రూపాయలు. ఆమె తెచ్చుకున్న 27,000కు దాదాపు పది వేలు తక్కువ పడ్డాయి. ఇందులో దుకాణం వారు మోసం చేసిందేమీ లేదు. ప్రతి రూపాయీ కార్డు వెనుక రాసి ఉన్న షరతు ప్రకారమే పడింది.

అదే తల్లి 5.5 గ్రాముల బరువున్న, 12 శాతం లోపు తరుగు ఉన్న నగను ఎంచుకుని ఉంటే? తరుగు మొత్తం మాఫీ అయ్యేది. బంగారం విలువ 60,500 మీద జీఎస్టీ 1,815 మాత్రమే చేతి నుంచి పెట్టుకోవాల్సి వచ్చేది. కాబట్టి స్కీము లాభం కావాలంటే రెండు జాగ్రత్తలు చాలు. నగ బరువు పోగైన గ్రాములకు దగ్గరగా ఉండాలి. నగ తరుగు మాఫీ హద్దు లోపల ఉండాలి. ఎనిమిది గ్రాముల నగే కావాలనుకుంటే మొదటి నెలలోనే లెక్క వేసుకుని నెలకు 5,000 బదులు ఏడు వేలో, ఎనిమిది వేలో కట్టాలి. చివర్లో కలిపే డబ్బుకు మాఫీ రాదు.

మరో కిటుకు కూడా ఉంది. స్కీము లేకుండా ఊరికే వెళ్లిన ఖాతాదారుకు కూడా బేరం ఆడితే దుకాణం వారు తరుగు కొంత తగ్గిస్తారు. 16 శాతం చెప్పిన నగను పదికి ఇచ్చే దుకాణం ఉంటే, అందులో స్కీము వల్ల మీకు మిగిలేది 12 శాతం కాదు, 6 శాతమే. 60,500 విలువ మీద 7,260 లాభం అనుకున్నది నిజానికి 3,630. అందుకని నగ ఎంచుకునేటప్పుడు కార్డు బయటికి తీయకండి. ముందు మామూలు ఖాతాదారులా ధర అడగండి, బేరం ఆడండి, ఆఖరి తరుగు శాతం కాగితం మీద రాయించుకోండి. ఆ తరువాతే కార్డు చూపించండి. అప్పుడు తేలే తేడాయే ఏడాదిపాటు మీరు కట్టినందుకు వచ్చిన అసలు ప్రతిఫలం. పండగ ఆఫర్లు స్కీముతో కలిసి వర్తిస్తాయా లేదా అన్నది కూడా అప్పుడే అడగాలి. చాలా చోట్ల వర్తించవు.

ఇక షరతుల్లో సాధారణంగా కనిపించేవి మరికొన్ని. ఒక వాయిదా తప్పినా బోనస్ పోవచ్చు, లేదా తగ్గవచ్చు. మధ్యలో ఆపేస్తే మాఫీ ఉండదు. డబ్బు తిరిగి ఇవ్వరు, నగే తీసుకోమంటారు. స్కీము సొమ్ముతో బంగారు నాణేలు ఇవ్వని దుకాణాలు చాలా ఉన్నాయి. రాళ్లు పొదిగిన నగలకు మాఫీ ఉండకపోవచ్చు. రాళ్ల నగ కొంటే మొత్తం బరువులోంచి రాళ్ల బరువు తీసేసి, నికర బరువుకే బంగారం ధర వేశారో లేదో బిల్లులో చూడాలి.

గడువు సంగతి కూడా తెలుసుకోవాలి. పాత రోజుల్లో పద్దెనిమిది నెలల స్కీములు, రెండేళ్ల స్కీములు ఉండేవి. 2014లో కంపెనీల డిపాజిట్ల నియమాలు వచ్చాక ఒక హద్దు ఏర్పడింది. సరుకు కోసం కంపెనీ ముందుగా తీసుకున్న సొమ్మును 365 రోజుల లోపు సరుకు ఇచ్చి చెల్లు చేయాలి. లేకపోతే అది డిపాజిట్ కిందకు వస్తుంది. అందుకే ఇప్పుడు స్కీములు పది, పదకొండు నెలలకు కుదించుకున్నాయి. గడువు దాటినా కార్డు బీరువాలోనే ఉంచుకుంటే మాఫీ పోయే ప్రమాదం ఉంది. మరోవైపు "రెండేళ్లు కట్టండి, మూడేళ్లు కట్టండి" అని ఎవరైనా కట్టించుకుంటున్నారంటే అది మామూలు స్కీము కాదని గ్రహించాలి. 2019లో వచ్చిన అనియంత్రిత డిపాజిట్ల నిషేధ చట్టం కంపెనీలకే కాదు, సొంత దుకాణాలకు, భాగస్వామ్య సంస్థలకు కూడా వర్తిస్తుంది.

మనం కట్టిన సొమ్ము ఆ పదకొండు నెలలూ ఎక్కడ ఉంటుంది? దుకాణం వ్యాపారంలో ఉంటుంది. బ్యాంకులో వేసిన సొమ్ముకు ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి 5 లక్షల వరకు డిపాజిట్ బీమా ఉంది. నగల దుకాణంలో కట్టిన సొమ్ముకు ఆ బీమా లేదు. దుకాణం మూతపడితే మనం అప్పులవాళ్ల వరుసలో నిలబడాలి. బ్యాంకులు తమ అప్పుకు తాకట్టు రాయించుకుని ఉంటాయి, మన దగ్గర ఉండేది కార్డు మాత్రమే. 2019 అక్టోబరులో దీపావళి ముందు ముంబై, ఠాణే ప్రాంతాల్లో గుడ్‌విన్ జ్యువెలర్స్ దుకాణాలు మూతపడినప్పుడు నెలనెలా కట్టినవారు పోలీస్ స్టేషన్ల ముందు బారులు తీరారు. అదే ఏడాది జూన్‌లో బెంగళూరులో ఐఎంఏ సంస్థ కూలిపోయింది. అది నెలవారీ నగల స్కీము కాదు, లాభాల్లో వాటా ఇస్తామని పెట్టుబడులు తీసుకున్న సంస్థ. కానీ దానికి నగల దుకాణం ఉంది, "హలాల్" అన్న పేరు ఉంది. సొమ్ము పోగొట్టుకున్నవారిలో అత్యధికులు మన సముదాయం వారే. సంస్థ నడిపేవారి గడ్డాన్నీ బురఖానూ చూసి కాదు, లెక్కల పుస్తకాన్నీ రశీదునూ చూసి నమ్మాలని ఆ ఘటన మనకు చెప్పింది.

ప్రమాదం ముంచుకొస్తోందని కొన్ని గుర్తులు చెబుతాయి. గడువు తీరిన కార్డు తీసుకెళితే "స్టాకు లేదు, వచ్చే వారం రండి" అని తిప్పడం మొదటిది. మిగతా దుకాణాలు ఇవ్వలేనంత పెద్ద బోనస్ ప్రకటించడం రెండోది. కట్టిన సొమ్ముకు అచ్చు రశీదు ఇవ్వకుండా పుస్తకంలో సంతకం చేసి పంపడం మూడోది. వీటిలో ఏది కనిపించినా కొత్త వాయిదా కట్టకుండా, పోగైన దానికి దొరికిన నగ తీసుకుని బయటపడాలి. సొమ్ము ఇరుక్కుపోతే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేయవచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. రెండు చోట్లా అడిగేది రశీదులే.

ఇప్పుడు దీన్‌కు సంబంధించిన మాట. నేను ముఫ్తీని కాను, ఫత్వా ఇచ్చే అర్హత నాకు లేదు. ప్రశ్న ఎక్కడ పుడుతుందో మాత్రం చెప్పగలను. బంగారాన్ని డబ్బుతో మార్చుకున్నప్పుడు ఇచ్చిపుచ్చుకోవడం అప్పటికప్పుడే జరగాలన్నది మన షరీఅత్‌లో తెలిసిన నియమం. నేటి కాగితం డబ్బుకు అది ఏ మేరకు వర్తిస్తుందన్న దానిలో ఉలమాల మధ్య అభిప్రాయ భేదం ఉంది. ఇస్లామీ ఆర్థిక సంస్థలకు ప్రమాణాలు రూపొందించే బహ్రెయిన్‌లోని ఏఏఓఐఎఫ్ఐ బంగారంపై ఇచ్చిన ప్రమాణం మాత్రం అక్కడికక్కడే స్వాధీనం ఉండాలనే చెబుతుంది. గ్రాముల స్కీములో ఈ రోజు డబ్బు ఇచ్చి ఈ రోజే గ్రాములు కొన్నట్టు రాస్తారు, బంగారం చేతికి వచ్చేది ఏడాది తరువాత. రూపాయల స్కీములో ఈ చిక్కు లేదు గానీ మరొకటి ఉంది. మనం ఇచ్చిన సొమ్ము దుకాణం మీద ఖర్జ్ అయితే దాని మీద ముందే ఒప్పుకున్న బోనస్ వడ్డీ అవుతుందా, లేక నగ ధరలో ఇచ్చిన తగ్గింపు అవుతుందా? దీనికి జవాబు కార్డు మీది మాటలను బట్టి మారుతుంది. కాబట్టి మసీదులో నిలబడి "బంగారం స్కీము జాయెజేనా?" అని ఒక్క ముక్కలో అడగకండి. కార్డు జిరాక్సు తీసుకెళ్లి, షరతులు చదివి వినిపించి, మీరు నమ్మే ముఫ్తీ సాహెబ్‌ను అడగండి. జకాత్ లెక్కకు కూర్చున్నప్పుడు ఆ కార్డులో పోగైన సొమ్ము సంగతి కూడా ఆయనకు చెప్పండి.

మరి దీనికి బదులు ఏం చేయవచ్చు? నాకు అన్నిటికన్నా సూటిగా కనిపించేది ఇది. నెలనెలా ఆ 5,000 వేరే బ్యాంకు ఖాతాలో వేసి, ఒక గ్రాముకో రెండు గ్రాములకో సరిపడా పోగైనప్పుడల్లా నాణెం కొని చేతికి తీసుకోవడం. డబ్బు ఇచ్చిన రోజే బంగారం మీ ఇంటికి వస్తుంది. ధర పెరిగినా మీ దగ్గరున్న బంగారానికి ఏమీ కాదు. దుకాణం మూతపడినా భయం లేదు. కానీ దీనికి ఖర్చు ఉంది. నాణెం కొన్నప్పుడు 3 శాతం జీఎస్టీ, తరువాత నగ కొన్నప్పుడు మళ్లీ 3 శాతం. చిన్న నాణేలకు తయారీ ఖర్చు కూడా గ్రాముకు ఎక్కువ పడుతుంది, అర గ్రాము కంటే రెండు గ్రాముల నాణెం నయం. తరుగు మాఫీ ఉండదు, బేరమే దిక్కు. బ్యాంకులో నాణెం కొంటే ఆ బ్యాంకు తిరిగి కొనదు, నగల దుకాణానికే అమ్మాలి. భద్రతకూ స్వాధీనానికీ మనం ఇచ్చే వెల ఇది.

నాణేలు ఇచ్చి నగ తీసుకునే రోజు కూడా ఒక జాగ్రత్త ఉంది. బంగారానికి బంగారం మార్చుకుంటే బరువులు సమానంగా ఉండాలన్న నియమం ఉంది కదా. అందుకని నాణేలను ముందు అమ్మేసి, డబ్బు చేతికి తీసుకుని, ఆ డబ్బుతో నగ కొనాలి. రెండు వేర్వేరు బిల్లులు వేయమంటే దుకాణం వారు వేస్తారు. పాత నగలు మార్చేటప్పుడూ ఇదే పద్ధతి.

ఇతర దారుల గురించి క్లుప్తంగా. ప్రభుత్వ సార్వభౌమ పసిడి బాండ్లకు ఏటా 2.5 శాతం వడ్డీ ఉంటుంది, అది మనకు అభ్యంతరం. పైగా 2024 ఫిబ్రవరి తరువాత కొత్త బాండ్లు జారీ కాలేదు. ఫోనులో పది రూపాయలకు కూడా కొనమనే డిజిటల్ గోల్డ్ తన నియంత్రణలో లేదని సెబీ 2025 నవంబరులో హెచ్చరించింది. గోల్డ్ ఈటీఎఫ్‌లు సెబీ నియంత్రణలో ఉంటాయి, డీమ్యాట్ ఖాతా ఉన్నవారు వాటి గురించి ముఫ్తీ సాహెబ్‌ను అడిగి నిర్ణయించుకోవచ్చు. మన ఇళ్లలో ఆడవాళ్లు నడిపే బీసీలో పాట లేకుండా, కోత లేకుండా, అందరూ కట్టినంతే అందరికీ వస్తే వడ్డీ చిక్కు ఉండదు. కానీ అది నమ్మకం మీద నడిచేది. తెలిసిన పదిమంది దాటనివ్వకండి.

ఇంత విన్నాక కూడా స్కీములోనే చేరదలచుకున్నవారు ఉంటారు. ఏడాదిలోపు నగ కొనడం ఖాయమై, ప్రతి నెలా తప్పకుండా కట్టగలిగి, ముఫ్తీ సాహెబ్ కార్డు చూసి సరే అంటే, అది పనికిరాని దారేమీ కాదు. చేతిలో డబ్బు నిలవని ఇంటికి అది ఒక కట్టుబాటు కూడా. చేరే రోజు షరతుల కాగితం అడిగి తీసుకోండి. నామినీ పేరు రాయించండి. డబ్బు యూపీఐ ద్వారానో చెక్కు ద్వారానో కట్టండి, ప్రతి రశీదూ దాచండి. గడువు తేదీ క్యాలెండరు మీద రాసుకోండి. నగ తీసుకునే రోజు దాని మీద బీఐఎస్ గుర్తు, 22 క్యారెట్లకు 916 అంకె, ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన హెచ్‌యూఐడీ ఉన్నాయో లేదో చూడండి. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగలు ఆ సంఖ్య లేకుండా అమ్మకూడదు. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్య కొట్టి, అక్కడ కనిపించే నగ రకం, స్వచ్ఛత మీ చేతిలోని నగతో సరిపోయాకే బిల్లు కట్టండి.

మన కష్టార్జితంలో అల్లాహ్ బరకత్ ప్రసాదించుగాక. ఆమీన్. సెలవు.